స్నానం వేళ కొట్టే పెద్దావిడ: మత్తు మందు లేకుండా వేసుకున్న కేర్ ప్లాన్

కేర్ హోమ్ నుంచి వచ్చిన రిఫరల్ కాగితంలో ఉన్నది ఇంతే: “స్నానానికి తీసుకెళ్తే కొడుతోంది, గిచ్చుతోంది, అరుస్తోంది. శాంతంగా ఉండటానికి ఏదైనా మందు రాయించగలరు.” పెద్దావిడ వయసు 81. అల్జైమర్స్ డిమెన్షియా, మధ్యస్థ దశ దాటి ముదురుతోంది. మాట్లాడతారు కానీ వాక్యం పూర్తి కాదు. నడవడానికి ఒకరి ఆసరా కావాలి. ఎడమ చెవికి వినికిడి యంత్రం, కళ్లకు అద్దాలు ఉన్నాయి. మిగతా రోజంతా ఆవిడతో పెద్ద ఇబ్బందేమీ లేదని టీమ్ అందరూ చెప్పారు. గొడవంతా స్నానం దగ్గరే.

నేను వృద్ధుల మానసిక ఆరోగ్య విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఆవిడ ఎవరో తెలియకుండా వివరాలు మార్చి, అదే టీమ్‌లో తర్వాత చేరేవాళ్లకు కూడా పనికొచ్చేలా దీన్ని రాస్తున్నాను.

డాక్టర్ మందు వెంటనే రాయలేదు. అందుకు కారణం టీమ్‌కి తెలియాలి. ఇలాంటి గొడవను అణచడానికి మామూలుగా రాసేవి యాంటీసైకోటిక్ మందులు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకు వాటిని ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో హెచ్చరిక జారీ చేసింది. సుమారు 10 వారాల పాటు సాగిన ట్రయల్స్‌లో మందు తీసుకున్నవాళ్లలో 4.5 శాతం మంది చనిపోతే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 2.6 శాతం మంది చనిపోయారు. దీనికి తోడు మగత, తూలి పడటం, కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం ఉంటాయి. మనిషికి గానీ పక్కవాళ్లకు గానీ నిజంగా ప్రమాదం ఉండి, మిగతా దారులన్నీ చూశాక కూడా తగ్గకపోతే ఈ మందులు వాడక తప్పదు. అప్పుడు కూడా తక్కువ మోతాదులో, తక్కువ కాలం వాడి, క్రమం తప్పకుండా సమీక్షించాలి. రోజులో అరగంట మాత్రమే, అదీ ఒకే పని దగ్గర వచ్చే గొడవకు 24 గంటలూ పనిచేసే మత్తు ఎందుకు? డాక్టర్ అడిగింది ఇదే. నాకూ అదే సరైన ప్రశ్న అనిపించింది.

మొదట చేసింది శరీరాన్ని చూడటం. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే దాన్ని డిమెన్షియా ఖాతాలో వేయకూడదు. అది డెలీరియం కావచ్చు, అంటే ఒంట్లో ఇంకేదో తేడా వల్ల హఠాత్తుగా వచ్చే అయోమయం. వెనకాల మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నెమ్ము, నీరు తక్కువ కావడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, మూత్రం బయటికి రాక నిలిచిపోవడం లాంటివి ఉండొచ్చు. ఈవిడ విషయంలో మార్పు నెలల మీద మెల్లగా వచ్చింది. జ్వరం లేదు, పగలు మగత లేదు, మనిషి ఒక గంట ఒకలా మరో గంట ఇంకోలా లేరు. కాబట్టి డెలీరియం అనిపించలేదు. మలబద్ధకం మాత్రం ఉంది. చార్టు చూస్తే నాలుగు రోజులకోసారి వెళ్తున్నారు. డాక్టర్ దానికి విరేచనం మందు రాశారు, నీళ్లు ఎక్కువ ఇప్పించాం. దానివల్ల చిరాకు కొంత తగ్గింది కానీ స్నానం గొడవ అలాగే ఉంది.

ఆ తర్వాత రికార్డులు తెప్పించుకున్నాను. దాదాపు ప్రతి ఎంట్రీలోనూ “స్నానానికి సహకరించలేదు, ఉన్నట్టుండి కొట్టింది” అనే ఉంది. దీంతో నాకు ఏ ఆధారమూ దొరకదు. కొట్టకముందు ఏం జరిగింది, ఎవరు ఎటువైపు నిలబడ్డారు, చెయ్యి ఎక్కడుంది, నీళ్లు ఎక్కడ పడ్డాయి అన్నది కావాలి. అందుకని టీమ్‌ని రెండు వారాలు ఏబీసీ చార్టు రాయమన్నాను. ముందు ఏం జరిగింది, ఆవిడ ఏం చేశారు, ఆ తర్వాత మనం ఏం చేశాం, అంతే. ఒకే ఒక్క షరతు పెట్టాను: ‘ఉన్నట్టుండి’ అని రాయొద్దు. దానికి బదులు, గొడవ మొదలవ్వడానికి ముందు పది క్షణాల్లో మన చేతులు ఏం చేస్తున్నాయో రాయాలి. కొన్ని స్నానాలకు నేనే వెళ్లి, ఆవిడ అభిమానం దెబ్బతినకుండా తలుపు పక్కన నిలబడి చూశాను.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఉదయం ఆరున్నర. ఆవిడ ఇంకా నిద్రలో ఉన్నారు. ఇద్దరు కేర్‌టేకర్లు లోపలికి వచ్చి లైటు వేశారు. వినికిడి యంత్రం తడుస్తుందని మంచం మీదే తీసేశారు, అద్దాలు పెట్టనే లేదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకరు “లేవమ్మా” అంటుంటే ఇంకొకరు “చెయ్యి పైకెత్తమ్మా” అంటున్నారు. బాత్రూమ్‌లో ప్లాస్టిక్ కుర్చీ చల్లగా ఉంది. నైటీ పైనుంచి తీయడానికి కుడి చేయి ఎత్తగానే ఆవిడ ముఖం ముడుచుకుపోయింది, దవడ బిగిసింది, రెండో చేత్తో కేర్‌టేకర్ మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టు విడిపించబోతే కొట్టారు. ఆ తర్వాత షవర్ తలమీద పడగానే పెద్దగా అరిచారు. అక్కడినుంచి ఇక సబ్బు, నీళ్లు, తుడవడం అన్నీ పెనుగులాట మధ్యే జరిగాయి.

ఆవిడ వైపు నుంచి చూడండి. చెవులు వినపడవు, కళ్లు ఆనవు, ఎవరో ఇద్దరు నిద్రలేపి బట్టలు విప్పుతున్నారు, భుజం చీల్చినట్టు నొప్పి, పైనుంచి నీళ్లు. ఈ పని పేరు స్నానం అని ఆవిడకు గుర్తుండదు. అలాంటప్పుడు చేయి అడ్డం పెట్టడం, కొట్టడం ఎవరైనా చేసేదే.

రెండు వారాల చార్టులో 12 స్నానాలు నమోదయ్యాయి. 9 సార్లు కొట్టడమో గిచ్చడమో జరిగింది. ఆ 9లో 7 సార్లు గొడవ మొదలైంది కుడి చేయి కదిలించినప్పుడే. మిగతా 2 సార్లు తలమీద నీళ్లు పోసినప్పుడు. ఒక్కసారి కూడా కాళ్లు కడుగుతున్నప్పుడు మొదలవ్వలేదు. ఆ చివరి విషయాన్ని టీమ్‌లో ఎవరూ గమనించలేదు, కానీ ప్లాన్ అంతా దానిమీదే కట్టుకున్నాం.

కుడి భుజం సంగతి ముందు తేల్చాలి. “నొప్పిగా ఉందా అమ్మా?” అని అడిగితే ఆవిడ “లేదు” అంటారు. ఈ దశలో ఆ జవాబు మీద ఆధారపడలేం. ప్రశ్న అర్థం కాకపోవచ్చు, అడిగిన నిమిషంలో నొప్పి లేకపోవచ్చు. అందుకే చూసి కొలిచే పెయినాడ్ స్కేల్ వాడాం. శ్వాస, మూలుగు లేదా అరుపు, ముఖం, శరీరం బిగుసుకోవడం, ఓదారిస్తే కుదుటపడతారా అన్న ఐదు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు వేస్తాం. మొత్తం 10. కుర్చీలో ఊరికే కూర్చున్నప్పుడు ఆవిడకు 1 వచ్చింది. చేయి పక్కకు ఎత్తినప్పుడు 6 వచ్చింది. నొప్పిని కదలిక సమయంలోనే కొలవాలి. కూర్చోబెట్టి కొలిచి ‘నొప్పి లేదు’ అని రాసి పెట్టుకుంటే అసలు విషయం ఎప్పటికీ బయటపడదు. డాక్టర్ పరీక్షించి భుజం కీలు అరిగిందని, బిగుసుకుపోయిందని చెప్పారు. లివర్, బరువు చూసుకుని పారాసెటమాల్ రోజూ వేళకు వేసేలా రాశారు. అందులో ఒక మోతాదు స్నానానికి గంట ముందు పడేలా వేళలు సర్దాం.

ఇది మందే కదా అని ఒక కేర్‌టేకర్ అడిగింది. మందే. కానీ ప్రవర్తనను అణచడానికి వేసే మత్తు కాదు, నొప్పికి వేసే మందు. 2011లో నార్వేలో నర్సింగ్ హోమ్‌లలో 352 మంది మీద ఇలాంటి పరీక్షే జరిగింది. డిమెన్షియాతో పాటు ఆందోళనగా ఉన్నవాళ్లకు 8 వారాలు పద్ధతి ప్రకారం నొప్పి చికిత్స చేశారు. ఎక్కువమందికి ఇచ్చింది పారాసెటమాలే. ఆందోళన స్కోరు సగటున 17 శాతం తగ్గింది. నొప్పి లేనివాళ్లకు ఇది పనిచేయదు, అందుకే కొలవకుండా మొదలుపెట్టకూడదు.

బట్టల విషయంలో రెండు మార్పులు చేశాం. తలమీదుగా తీసే నైటీలు పక్కన పెట్టి, ముందువైపు పూర్తిగా తెరుచుకునేవి కూతురు తెచ్చిచ్చింది. విప్పేటప్పుడు ముందు ఎడమ చేయి, అంటే నొప్పి లేని చేయి, ఆ తర్వాత కుడి. తొడిగేటప్పుడు ముందు కుడి, ఆ తర్వాత ఎడమ. ఇలా చేస్తే కుడి భుజాన్ని ఎత్తాల్సిన పనే ఉండదు. పక్షవాతం వచ్చినవాళ్లకు మనమంతా చేసేదే ఇది. భుజం నొప్పి ఉందని ఎవరికీ తెలియదు కాబట్టి ఈవిడకు చేయలేదు.

కూతురు బట్టలతో పాటు ఇంకో రెండు సంగతులు చెప్పింది. వాళ్లమ్మ ముప్పై ఏళ్లు ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టారు. తెల్లవారుజామున స్నానం చేయడం ఆవిడకు ఏనాడూ అలవాటు లేదు, పనంతా అయ్యాక మధ్యాహ్నం లోపు చేసేవారు. కేర్ హోమ్‌లో ఆరున్నరకి స్నానం పెట్టింది ఉదయం షిఫ్ట్ వచ్చేలోపు రాత్రి డ్యూటీ వాళ్లు పని తగ్గించడానికే, ఆవిడ కోసం కాదు. దాన్ని పదకొండుకి మార్చాం. ఇంచార్జి సిస్టర్‌కి ఇది అంత తేలిక కాలేదు. ఆ టైమ్‌కి మిగతావాళ్ల డ్రెస్సింగ్‌లు, డాక్టర్ రౌండ్ ఉంటాయి. అందుకని రాత్రి డ్యూటీ వాళ్లకు వేరే ఇద్దరి స్నానాలు అప్పగించారు. ఆ ఇద్దరూ పొద్దున్నే లేచే అలవాటున్నవాళ్లు.

ఇక స్నానం. వారానికి రెండుసార్లు పూర్తి స్నానం, మిగతా రోజుల్లో ముఖం, చంకలు, మూత్రమార్గం చుట్టూ శుభ్రం చేస్తే ఆవిడ చర్మానికి సరిపోతుందని నిర్ణయించాం. పూర్తి స్నానం కూడా మొదటి నాలుగు వారాలు షవర్ కింద కాకుండా మంచం మీద తువ్వాలు స్నానంగా చేశాం. ఇది ఒళ్లు తుడిచి వదిలేసే పని కాదు, శుభ్రతలో షవర్‌కి తీసిపోదు. 2004లో అమెరికాలో 15 నర్సింగ్ హోమ్‌లలో 69 మంది మీద చేసిన అధ్యయనంలో మామూలు షవర్‌తో పోలిస్తే, మనిషిని బట్టి మార్చి చేసిన షవర్‌తో కొట్టడం, తిట్టడం లాంటివి 53 శాతం, తువ్వాలు స్నానంతో 60 శాతం తగ్గాయి. ఆవిడ విషయంలో దాన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తల తడవదు కాబట్టి వినికిడి యంత్రం చెవిలోనే ఉంచొచ్చు.

చేసే తీరు ఇది. ముందు ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, గది వెచ్చగా ఉందో లేదో చూసుకోవాలి. ఆవిడకు అద్దాలు పెట్టి, యంత్రం పనిచేస్తోందో చూసి, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. “స్నానానికి పద” అనొద్దు. ఆ మాట వినగానే ఆవిడ బిగుసుకుపోతున్నారు. “అమ్మా, నేను. కాళ్లు కాస్త వెచ్చగా తుడుచుకుందామా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం పది పదిహేను సెకన్లు పట్టొచ్చు. ఈలోపు ఇంకో మాట కలిపితే మొదటిది చెదిరిపోతుంది.

ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెద్ద స్నానపు తువ్వాలు, చిన్న గుడ్డలు కొన్ని వేసి, కడగాల్సిన అవసరం లేని సబ్బు కలిపిన వెచ్చటి నీళ్లు సుమారు రెండు లీటర్లు పోసి పిసికి పిండాలి. నీళ్లు నలభై డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉండాలి. తువ్వాలుని ముందు మీ ముంజేతి లోపలివైపు పెట్టి చూసుకోండి. ఆవిడ మీద దుప్పటి కప్పే ఉంచి, పాదాల దగ్గర నుంచి దుప్పటి మడుస్తూ, దాని వెనకే వెచ్చటి తువ్వాలు పరుస్తూ పైకి రావాలి. ఒక్క క్షణం కూడా ఒళ్లు బయటకు కనపడకూడదు. తువ్వాలు పైనుంచే మెల్లగా రుద్దాలి. పాదాలు, కాళ్లు, పొట్ట, ఎడమ చేయి అయ్యాక చివరగా కుడి చేయి, అదీ ఎత్తకుండా. ఆ తర్వాత పక్కకు తిప్పి ఇంకో వెచ్చటి తువ్వాలుతో వీపు. మూత్రమార్గం ప్రాంతానికి వేరే గుడ్డ, ముందునుంచి వెనక్కి, చివరన. తుడుస్తూనే నడుము కింద, మడమల మీద, చర్మపు మడతల్లో ఎరుపు ఉందేమో చూసి రాయాలి.

చేతులకు ఒక పని ఉండాలి. కూతురు చెప్పిన కుట్టుపని గుర్తుపెట్టుకుని, అంచు మడిచి కుట్టిన మెత్తటి గుడ్డ ఒకటి ఆవిడ చేతికిచ్చాం. మొదటి రోజే ఆవిడ ఆ అంచు వెంట వేలు నడుపుతూ, కుట్టు సరిగా ఉందో లేదో చూస్తూ ఉండిపోయారు. వీపు తుడవడం అయిపోయే దాకా ఆ గుడ్డ వదల్లేదు. గుడ్డ పట్టుకున్న చేయి మన మణికట్టు పట్టుకోదు. టీవీ, పాటలు కూడా ప్రయత్నించాం, కానీ మన మాట, టీవీ శబ్దం కలిసి వినికిడి యంత్రంలో గందరగోళం చేస్తున్నాయి. ఆపేశాం.

ఆపడం ఎప్పుడన్నది ప్లాన్‌లో స్పష్టంగా రాశాం. కొట్టేదాకా ఆగకూడదు. దవడ బిగియడం, కనుబొమలు ముడవడం, గుడ్డ వదిలేసి మన చేయి వెతకడం, “వద్దు వద్దు” అనడం, వీటిలో ఏది కనిపించినా చేతులు వెనక్కి తీసి, దుప్పటి కప్పి, రెండు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కుదుటపడితే కొనసాగించాలి. లేదంటే అప్పటికి ఎక్కడిదాకా అయితే అక్కడితో ముగించి, అరగంట తర్వాత మళ్లీ అడగాలి. అయినా కుదరకపోతే మలమూత్రాల శుభ్రం మాత్రం చూసుకుని మిగతాది రేపటికి వదిలేయాలి. ఒక రోజు స్నానం తప్పితే ఏం కాదు. చేతులు పట్టుకుని బలవంతంగా చేసిన స్నానం మాత్రం రేపటి స్నానాన్ని కూడా పాడుచేస్తుంది. ఎందుకు భయపడ్డారో ఆవిడకు గుర్తుండకపోవచ్చు, ఆ మనిషి దగ్గరకు వస్తే వచ్చే టెన్షన్ మాత్రం ఉండిపోతుంది.

మొదటి రెండు వారాలు సోమవారం, గురువారం ఒకే కేర్‌టేకర్ చేసింది. పెనుగులాట లేదు. మూడో వారం ఆమె సెలవు పెట్టింది. వచ్చినావిడకు హ్యాండోవర్‌లో “తువ్వాలు స్నానం” అని మాత్రమే చెప్పారు. ఆమె వినికిడి యంత్రం తీసేసి, కుడి చేతితో మొదలుపెట్టింది. ఆ రోజు చార్టులో మళ్లీ కొట్టడం నమోదైంది. టీమ్ మీటింగ్‌లో “ప్లాన్ పనిచేయట్లేదు” అన్నారు. చార్టు తీసి చూస్తే విషయం తేలిపోయింది, ఆ రోజు ప్లాన్ అమలు కాలేదు. ఏ ప్లాన్ విఫలమైందో, ఏది అమలే కాలేదో విడదీయకపోతే మంచిదాన్ని పారేసుకుంటాం. అప్పటినుంచి అల్మారా తలుపు లోపలివైపు నాలుగు వాక్యాల కాగితం అంటించాం: యంత్రం, అద్దాలు తీయొద్దు. పాదాల నుంచి మొదలు. కుడి చేయి చివర, ఎత్తొద్దు. గుడ్డ చేతికివ్వండి. అంతకంటే పొడవుగా రాస్తే డ్యూటీ హడావుడిలో ఎవరూ చదవరు. ఆ అల్మారా బయటివాళ్లకు కనిపించదు, కాబట్టి ఆవిడ విషయం ఆవిడదిగానే ఉంటుంది.

సమయం గురించి టీమ్‌కి ఉన్న భయం న్యాయమైనదే. ముందు ఇద్దరు కేర్‌టేకర్లకు పాతిక నిమిషాల చొప్పున పట్టేది, ఆ తర్వాత చిందరవందరైన గది సర్దడం, గీతలు పడ్డ చేతులకు మందు రాసుకోవడం వేరే. ఇప్పుడు ఒకరికి అరగంట పడుతోంది, పక్కకు తిప్పేటప్పుడు మాత్రం రెండోవాళ్లు రెండు నిమిషాలు వచ్చి వెళ్తారు. ఒళ్లు బరువుగా ఉండి, మంచంలో సొంతంగా కదల్లేనివాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లకు ఇద్దరు కావాల్సిందే.

నాలుగు వారాల చివర లెక్క ఇది. 8 పూర్తి స్నానాల్లో ఒక్కసారి కొట్టారు, పైన చెప్పిన సెలవు రోజున. రోజువారీ శుభ్రంలో రెండుసార్లు “వద్దు” అన్నారు, ఆపి మళ్లీ వెళ్తే ఒప్పుకున్నారు. చేయి కదిలించినప్పుడు పెయినాడ్ 6 నుంచి 2కి వచ్చింది. పారాసెటమాల్ వల్లనా, చేయి ఎత్తకపోవడం వల్లనా, వేళ మార్చడం వల్లనా అన్నది విడదీసి చెప్పలేను, అన్నీ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. నొప్పి మందు ఇంకా అవసరమా అన్నది డాక్టర్ ఎనిమిదో వారంలో చూస్తారు. అప్పటిదాకా నెలకోసారి కదలికలో స్కోరు వేయడం నర్సుల పని.

ఇదే పద్ధతి అందరికీ సరిపోదు. మనుషులను చూసి భ్రమపడి, రోజంతా భయంతో ఉండేవారికి, తీవ్రమైన డిప్రెషన్‌తో తిండి మానేసినవారికి, తమకో పక్కవాళ్లకో గాయం చేసేవారికి ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని పిలవాలి. ఈవిడ విషయంలో కూడా ఒకటి రెండు రోజుల్లో మార్పు వచ్చినా, పగలు మగతగా ఉన్నా, తిండి నీళ్లు వద్దన్నా, కొత్త చోట ముట్టుకుంటే ముఖం ముడిచినా చార్టు కోసం ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి.

మిగిలిపోయింది తల స్నానం. దాన్ని ఒంటి స్నానం నుంచి పూర్తిగా విడదీశాం. ప్రస్తుతం వారానికోసారి, కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద పొడి తువ్వాలు కప్పి, తడి గుడ్డతో జుట్టు తుడుస్తున్నాం. అది చాలడం లేదు, మాడు మీద పొట్టు కనిపిస్తోంది. వచ్చే వారం నుంచి కూతురు ఉన్న రోజు చూసి, తల వెనక్కి వాల్చకుండా, నుదుటికి మడత తువ్వాలు అడ్డం పెట్టి, చిన్న మగ్గుతో కొంచెం కొంచెంగా వెనకనుంచి పోసి చూద్దాం. ఆ కాసేపు మాత్రం వినికిడి యంత్రం తీయక తప్పదు. అందుకే తీసేముందు ఆవిడ చేతిని కూతురు చేతిలో పెట్టి, ఆ తర్వాతే తీయండి. ముందు పది క్షణాలు ఏం జరిగిందో ఎప్పటిలాగే రాయండి. గురువారం మీటింగ్‌కి ఆ కాగితం తీసుకురండి.